బల్బు జోకు కింద రాసిన పేరు

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, మీ సర్వీసులో మరచిపోలేని సంఘటన ఏది సార్ అని అడుగుతుంటారు. కరువు రోజుల సంగతులు చెబుతానని ఎదురుచూస్తారు. నేను చెప్పేది ఒక జోకు సంగతి. దానివల్ల ఒకామె పని పోయింది. ఆ జోకు ఆమె చేత రాయించింది నేను. కింద పేరు రాయించిందీ నేనే.

నేను వయోజన విద్యలో పర్యవేక్షకుణ్ణి. చదువు రాని పెద్దవాళ్ళకు అక్షరాలు నేర్పే కేంద్రాలు కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు కొన్ని నా కింద ఉండేవి. రోజూ ఒక పేజీ డైరీ రాసే అలవాటు ఉద్యోగానికి ముందునుంచే ఉంది. ఇప్పుడు రాస్తున్నది కూడా ఆ డైరీలను ముందు పెట్టుకునే.

తొంభైల చివర్లో అనంతపురంలో మాకు మూడు రోజుల శిక్షణ పెట్టారు. మధ్యాహ్నం భోజనాల తర్వాత అందరికీ కునుకు పడుతుంటే, శిక్షకుడు హఠాత్తుగా అడిగాడు: "ఒక బల్బు మార్చడానికి ఎంతమంది రెవెన్యూ గుమాస్తాలు కావాలి?" జవాబూ తనే చెప్పాడు: "ఒక్కరే. కాకపోతే బల్బు పోయినట్టు మీరు రుజువు తేవాలి." రెండు మూడు బెంచీల్లో నవ్వారు. కాసేపటికి మళ్ళీ: "ఒక బల్బు మార్చడానికి ఎంతమంది బడిపంతుళ్ళు కావాలి? ఒక్కరే. తాను ఒకసారి మార్చి, మన చేత పదిసార్లు మార్పిస్తాడు." ఈసారి సగం హాలు నవ్వింది. మూడోసారి ఆయన "ఒక బల్బు మార్చడానికి ఎంతమంది వాతావరణ శాఖ వాళ్ళు" అనగానే, జవాబు రాకముందే జనం పెదాలు సాగాయి. "ఇంతమంది అని చెప్పలేం. అక్కడక్కడా చెదురుమదురుగా వెలుతురు పడే అవకాశం ఉంది." వాన కోసం ఏడాది పొడవునా రేడియో వినే జిల్లా మాది. హాలు దద్దరిల్లింది.

ఆ సాయంత్రం డైరీలో మూడు జోకులూ రాసుకున్నాను. తర్వాత నాకు అది ఒక వ్యసనంగా మారింది. విన్నవి, నేను కట్టినవి డైరీ చివరి పేజీల్లో గళ్ళు గీసి ఎక్కించేవాణ్ణి. ఒక గడిలో వృత్తి, ఒక గడిలో ఎంతమంది, ఒక గడిలో ఎందుకు, చివరి గడిలో జనం నవ్వారా లేదా.

గళ్ళు నిండేకొద్దీ దాని మర్మం అర్థమవుతూ వచ్చింది. ప్రశ్న ఎప్పుడూ ఒకే మాటల్లో అడగాలి. ఒక్క మాట మారినా వినేవాడు మొదటినుంచి ఆలోచించడం మొదలుపెడతాడు, నవ్వు ఆలస్యమవుతుంది. దారి తెలిసినవాడికి దారి మీద ధ్యాస ఉండదు, మలుపులో ఈసారి ఎవరు నిలబడి ఉన్నారో అన్నదే చూస్తాడు. అందుకే వృత్తి ఒక్కటి మారిస్తే పాత జోకు కొత్తదవుతుంది. తర్వాత సంఖ్య. ఇద్దరు, ముగ్గురు అంటే చప్పగా ఉంటుంది. ఒక్కరు అంటే వెనక ఏదో మెలిక ఉందని తెలుస్తుంది. నలభై మంది అంటే ఒకరు మార్చేవాడు, మిగతా ముప్పై తొమ్మిది మంది ఏం చేస్తున్నారని కుతూహలం పుడుతుంది. అసలు ఎవరూ అక్కరలేదు అన్నది అన్నిటికన్నా పదునైన సంఖ్య. చివరిది కారణం. అది ఆ వృత్తివాళ్ళ అలవాటు అని అందరికీ ముందే తెలిసి ఉండాలి. తెలియని సంగతి చెప్పడానికి ఈ జోకు పనికిరాదు. తెలిసినదాన్ని బల్బు దగ్గర చూపించడమే దాని పని.

మా జిల్లాకు తగ్గట్టు నేను కట్టినవాటిలో బాగా పేలింది, బోర్లకు నీళ్ళ జాడ చూసేవాళ్ళ మీదది. "ఒక్కరే. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని ఇల్లంతా తిరిగి, బల్బు ఈడ లేదు, ఇంకో రెండు వందల అడుగులు పోవాల అంటాడు." కళ్యాణదుర్గం బస్టాండు టీకొట్లో ఇది చెబితే, ఎండిన బోర్లు మూడు ఉన్న రైతు ఒకాయన టీ గ్లాసు కింద పెట్టేసి మరీ నవ్వాడు. ఆ పక్కనే కూర్చున్న కండక్టరు మీద ఇంకొకటి చెప్పాను. "బల్బు మార్చడానికి కండక్టర్లు ఎవరూ అక్కరలేదు. లోపలికి జరగండి, లోపల వెలుతురుంది అంటారు." కండక్టరే అందరికన్నా గట్టిగా నవ్వి, దాన్ని తన బస్సులో వాడుకున్నాడని తర్వాత విన్నాను.

ఇక రాయదుర్గం సంగతి.

ఆ ఊళ్ళో జీన్సు ప్యాంట్లు కుట్టే యూనిట్లు వీధికి నాలుగు. వరుసగా వానలు తప్పి వేరుశనగ చేతికి రాక, చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ళు చాలామంది ఆ మిషన్ల మీదికి చేరారు. పని దిగిన తర్వాత సాయంత్రం ఒక గంట మా కేంద్రానికి వచ్చేవాళ్ళు. కేంద్రం నడిపే అమ్మాయిని ప్రేరక్ అనేవాళ్ళం. డిగ్రీ చదివిన పిల్ల, ఓపిక ఎక్కువ. కానీ ఆ అమ్మాయికి ఒక చిక్కు వచ్చిపడింది. ఆడవాళ్ళు చూసి రాస్తారు, చెబితే రాస్తారు, సొంతంగా ఒక వాక్యం రాయమంటే మాత్రం బలపం కింద పెట్టేస్తారు.

"ఏం రాయాల సారూ? మాకేం తెలుసునని?" అనేవాళ్ళు.

నాకు డైరీ వెనక పేజీలు గుర్తొచ్చాయి. మొత్తం వాక్యం ఎవరో రాసి ఇచ్చి, ఖాళీలు మాత్రం నింపమంటే? బోర్డు మీద రాశాను: "ఒక బల్బు మార్చడానికి ఎంతమంది ______ కావాలి? ______. ఎందుకంటే ______."

మొదటి రోజు ఎదురుదెబ్బే తగిలింది. ఖాళీలో నేను పంతుళ్ళు అని రాసి ఎంతమంది అని అడిగితే, ముందు వరుసలో ఒకామె కొంచెం ఆలోచించి, "ఇద్దరు సారూ. ఒగరు ఎక్కి మార్చాల, ఒగరు స్టూలు పట్టుకోవాల" అంది. అందరూ అవునని తలలూపారు. ప్రేరక్ అమ్మాయి నవ్వు దాచుకోవడానికి మొహం తిప్పుకుంది. ఆ తలలూపినవాళ్ళకు జోకు తెలియదని కాదు, ఈ జోకులు పోతపోసే అచ్చు తెలియదు. నాకు శిక్షణలో జరిగినట్టే వాళ్ళకూ జరగాలని, వరుసగా మూడు చెప్పాను. పంతుళ్ళు, నీళ్ళ జాడ చూసేవాడు, కండక్టరు. కండక్టరు దగ్గరికి వచ్చేసరికి జవాబు నేను చెప్పకముందే వెనకనుంచి నవ్వు వినిపించింది.

నవ్వినామె జేబులు కుట్టేది. ముప్పై అయిదేళ్ళుంటాయి. మొగుడు కూలికని బళ్ళారి వైపు పోతే, ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలకూ అత్తకూ ఆమె మిషనే ఆధారం. "ఓహో, ఇట్లనా కత!" అని పలక ముందుకు లాక్కుంది. రాసింది మాత్రం ఆ రోజు చూపించలేదు.

నెలకొకసారి పెద్ద కాగితం మీద గోడపత్రిక రాసి, వీధివైపు గోడకు అంటించేవాళ్ళం. దానికి నేను పెట్టిన నియమం ఒకటుంది. ఏది రాసినా కింద రాసినవాళ్ళ పేరు, చేసే పని, చేసే చోటు వాళ్ళ చేతిరాతలోనే ఉండాలి. వేలిముద్రల నుంచి సంతకానికి వచ్చిన మనుషులు, సంతకం పదిమందికీ కనపడాలని నా పట్టుదల. తనిఖీలకు వచ్చే పై అధికారులకు కూడా ఆ పేర్లు చూపించి మెప్పు పొందేవాణ్ణి. ఆ నెల పత్రికలో పదకొండు బల్బు జోకులు వచ్చాయి. నేను అక్షరాల తప్పులు మాత్రం చూసి, అంటించెయ్యమన్నాను.

నాలుగో జోకు జేబులామెది.

"ఒక బల్బు మార్చడానికి ఎంతమంది జీన్సు ఓనర్లు కావాలి? ఎవరూ అక్కరలేదు. ఎందుకంటే మిషన్లు కిటికీ కాడికి జరపమంటారు." కింద పేరు. జేబుల మిషను. ఫలానా యూనిట్.

నేను చదివి ముచ్చటపడ్డాను. కండక్టరు జోకులోని సున్నాను, జరగమనే మెలికను ఎంత తేలిగ్గా తన వృత్తికి మార్చుకుందో అని మాత్రమే చూశాను.

పత్రిక అంటించిన మూడోరోజు ప్రేరక్ అమ్మాయి కళ్యాణదుర్గం ఆఫీసుకు ఫోను చేసింది. "సార్, జేబుల అక్కను ఆ ఓనరు రావద్దన్నాడు. సోమవారం నుంచి ఆ మిషను మీద వేరే మనిషి కూర్చుంటుందంట."

మరుసటి రోజు పొద్దున్నే బస్సెక్కాను. చంకలో డైరీ. దారంతా లెక్కలు వేసుకుంటూ పోయాను. ఇది ఒక అచ్చు, అందులో ఎవరినైనా పెట్టవచ్చు, ఎవరి మీదా కోపంతో రాసింది కాదు అని సాక్ష్యాలతో చూపిస్తే ఆయన ఒప్పుకుంటాడని నా నమ్మకం.

ఓనరు నలభై దాటిన మనిషి, తాను కూడా మిషను మీద మొదలుపెట్టి ఎదిగినవాడు. నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించాడు. నేను డైరీ తెరిచి ఒక్కొక్కటే చదివాను. గుమాస్తాలు, పంతుళ్ళు, వాతావరణం. ఆయన నవ్వాడు. నీళ్ళ జాడ చూసేవాడికి బాగా నవ్వాడు. కండక్టరుది చదివి, "చూడండి, మీ మీద రాసిందీ ఇదే అచ్చు. కండక్టరు తీసి ఓనరని పెట్టింది, అంతే. ఇందులో మిమ్మల్ని అన్నదేమీ లేదు" అన్నాను.

ఆయన టీ తాగడం పూర్తి చేసి, "సరే సారూ. ఓనరు తీసేసి డాక్టరును పెట్టండి" అన్నాడు.

"బల్బు మార్చడానికి డాక్టర్లు ఎవరూ అక్కరలేదు. మిషన్లు కిటికీ కాడికి..." అని ఆగిపోయాను.

"ఏమిటికి ఆగినారు? పెట్టండి, పోలీసును పెట్టండి. కుదరదు. నన్ను పెడితేనే కుదురుతాది." లోపలికి చెయ్యి చూపించాడు. నాలుగు ట్యూబులైట్లకు రెండు మాత్రమే వెలుగుతున్నాయి. అయిదారు మిషన్లు కిటికీల కిందికి చేరి ఉన్నాయి. "ఈ వీధిలో మిషన్లు జరిపినోడు నేనొక్కడినే. అది ఊరందరికీ తెలుసు. కండక్టరు నవ్వినాడంటే, ఆ మాట ఏ కండక్టరుకైనా తగులుతాది, ఎవరి వొంటికీ అతుక్కోదు. ఇది నా వొంటికి అతుక్కునింది. దాని కింద యూనిట్ పేరు గూడా ఉండాది. గోడ మీద రాయించినారు, వీధిలో పిల్లోళ్ళు నన్ను చూసి కిటికీ కాడికి జరగప్పా అంటాండారు."

డైరీ మూసేశాను. ముప్పై ఒక్క జోకులు గళ్ళు గీసి రాసుకున్న నాకు ఆ సంగతి తట్టలేదు. అచ్చులో వృత్తిని పెట్టాలి, మనిషిని కాదు. వృత్తి అలవాటు రాస్తే అది జోకు. ఒక్క మనిషి చేసిన పని రాస్తే అది ఫిర్యాదు, కింద సంతకంతో సహా. మొదట్లో ఖాళీ ఎవరితోనైనా నిండేది. యూనిట్ పేరు రాయమన్న క్షణంలోనే ఆ ఖాళీలో ఒక్కడు వచ్చి కూర్చున్నాడు. కూర్చోబెట్టింది నా నియమం.

"తప్పు నాది. ఆమెను పనిలోకి తీసుకోండి" అన్నాను.

"మీది తప్పయితే మిమ్మల్ని పనిలోనుంచి తీసేసేది నా చేతిలో లేదు కదా సారూ" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. లేచి వచ్చేశాను.

సాయంత్రం కేంద్రంలో జేబులామె ఎదురుగా కూర్చుని జరిగింది చెప్పాను. ఆమె ఏడవలేదు. "మీ పుస్తకం తీసుకొని పోయి నా కూడు ఇంకా గట్టిగా పోగొట్టి వచ్చినారా?" అంది. తర్వాత పలక పక్కన పెట్టి, "ఓనరు చెప్పింది నిజమే సారూ. నేను ఆయప్పనే అనుకొని రాసినా" అంది.

"మరి ఓనర్లు అని ఎందుకు రాశావు?"

"మీరు ఖాళీలో వృత్తి పెట్టమన్నారు కదా."

ప్రేరక్ అమ్మాయి కాగితం చింపేద్దామంది. జేబులామె ఒప్పుకోలేదు. "చింపితే భయపడి చింపినారంటారు. ఆయప్ప ఒక్కడే ఉంటే కదా కోపం? అందరినీ తెచ్చి పక్కన నిలబెడితే పోతుంది" అంది. ఆమె చెప్పింది నాకు వెంటనే అర్థం కాలేదు. మిగతా ఆడవాళ్ళకు అయింది. కొత్త కాగితం పరిచారు.

"ముందు మనల్ని మనం పెట్టుకోవాలమ్మా" అంది జేబులామె. "మనం రోజూ ఏం గొణుగుతామో అది చెప్పండి."

కాజాలు కుట్టే పెద్దావిడ నవ్వింది. "నా మిషను మీదనే వెలుతురు తక్కువ పడతాంది అని."

"అదీ!" అని జేబులామె రాసింది. "ఒక బల్బు మార్చడానికి ఎంతమంది కుట్టేవాళ్ళు కావాలి? ముప్పై మంది. ఎందుకంటే ఒకరు మార్చడానికి, ఇరవై తొమ్మిది మంది నా మిషను మీదనే వెలుతురు తక్కువ పడుతోంది అనడానికి." అందరూ ఒకరినొకరు తోసుకుంటూ నవ్వారు. ఒక్కొక్కరూ ఇంకొకరిని చూపించి "నువ్వే, నువ్వే" అంటున్నారు. ఆ నవ్వు నేను డైరీలో ఎక్కించిన ఏ నవ్వులాగానూ లేదు. తమను తాము పెట్టుకున్నవాళ్ళ నవ్వు అది.

తర్వాత నా వైపు చూశారు. ప్రేరక్ అమ్మాయి వద్దన్నట్టు కళ్ళతో సైగ చేసింది. జేబులామె రాయనే రాసింది. "ఒక బల్బు మార్చడానికి ఎంతమంది పర్యవేక్షకులు కావాలి? ఒక్కరే. ఎందుకంటే బల్బు మార్చినట్టు పుస్తకంలో రాసుకొని, కింద మన పేరు పెట్టమంటాడు."

ఎవరూ నవ్వలేదు. నేనేమంటానోనని చూస్తున్నారు. ఆ క్షణంలో నాకు నిజంగా గుచ్చుకుంది. రెండో క్షణంలో నవ్వొచ్చింది. నేను నవ్విన తర్వాతే వాళ్ళు నవ్వారు.

ఆ కాగితాన్ని పాతదాని పక్కనే అంటించాం. కిరాణా అంగడివాళ్ళు, ప్రేరక్‌లు, డాక్టర్లు, కుట్టేవాళ్ళు, నేను. మొత్తం పద్నాలుగు. ఆదివారం యూనిట్లకు సెలవు. కుట్టేవాళ్ళు చాలామంది గోడ దగ్గరే గుమిగూడారు. నేనూ రాయదుర్గంలోనే ఉండిపోయాను. మధ్యాహ్నం ఓనరు స్కూటరు మీద వచ్చాడు. ఎవరైనా చెప్పారో, తానే చూద్దామని వచ్చాడో తెలియదు. జనం పక్కకు జరిగారు. ఆయన మొదటినుంచి చివరిదాకా నిదానంగా చదివాడు. కుట్టేవాళ్ళ దగ్గర ఆగి, ముక్కుతో నవ్వాడు. "నిజమే. దినామూ చెవిలో ఇదే మాట." పర్యవేక్షకుల దగ్గర నన్ను వెతికి చూసి, "మిమ్మల్ని గూడా వదలలేదా సారూ?" అన్నాడు.

"వదలలేదు."

కాగితాన్ని ఇంకోసారి పైనుంచి కిందికి చూసి, "బళ్ళారి నుంచి సరుకు కొనేదానికి వచ్చే యాపారస్తులు లేరే ఇందులో?" అన్నాడు.

జేబులామె గుంపులోనుంచి ముందుకు వచ్చింది. "వాళ్ళ సంగతి మాకేం తెలుసు? మీరు చెప్పండి, రాస్తాను."

ఆయన అటూ ఇటూ చూశాడు. "ఎంతమందంటే, ఒగడూ మార్చడు. బల్బును తిప్పి తిప్పి చూసి, కుట్టు వంకరగా ఉండాదని వాపసు పంపుతాడు."

గోడ దగ్గర ఉన్నవాళ్ళంతా ఒక్కసారి నవ్వారు. వాపసు వచ్చిన ప్యాంట్లు మళ్ళీ విప్పి కుట్టిన చేతులు అవి. ఆయనా నవ్వాడు. తన కష్టం తానే పెట్టుకున్నాడు కాబట్టి నవ్వగలిగాడు. జేబులామె అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ ఆ వాక్యం రాసింది. ఓనరు చేతులు కట్టుకుని ఆమె రాసే చెయ్యినే చూస్తూ నిలబడ్డాడు. ఆమె రాయడం ఆయన చూడటం అదే మొదటిసారి.

పూర్తయ్యాక, "రేపు పనికి రా. కానీ ఆ పాత కాగితం మీద నా యూనిట్ పేరు ఉండకూడదు" అన్నాడు.

నేను ఆ మొత్తం వరుస కొట్టివేయడానికి ఎర్రకలం తీశాను. జేబులామె నా చెయ్యి ఆపింది. "ఉండండి సారూ. నా పేరు కొట్టొద్దు."

సంచిలోనుంచి దారాలు కత్తిరించే చిన్న కత్తెర తీసింది. కాగితానికీ గోడకూ మధ్య మొన దూర్చి, యూనిట్ పేరున్న ముక్కను మాత్రం గళ్ళు గీసినంత సరిగ్గా కోసింది. ఆ ముక్కను ఓనరు చేతిలో పెట్టింది. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

సోమవారం ఆమె పనిలోకి పోయింది. ఆ వారంలో ఒక ట్యూబులైటు మార్చారు, రెండోది మార్చలేదు. గోడమీద జోకు కింద, కత్తెర చేసిన కన్నానికి పైన, ఆమె పేరు వాన వచ్చి కాగితం నానిపోయే దాకా ఉంది. మా ప్రాంతంలో అంటే చాలా నెలలే.